91 శాతమా, 42 శాతమా?

2017 డిసెంబరు 15న అమెరికాలో 'స్టార్ వార్స్: ద లాస్ట్ జెడై' విడుదలైంది. సమీక్షలను ఒకచోట పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైటులో ఆ సినిమా పేరు కింద రెండు అంకెలు పక్కపక్కనే నిలిచాయి. విమర్శకుల వైపు 91 శాతం, ప్రేక్షకుల వైపు 42 శాతం దగ్గర. అదే వారాంతంలో థియేటర్ల దగ్గర ప్రేక్షకుల అభిప్రాయం సేకరించే సినిమాస్కోర్ అనే సంస్థ ఆ సినిమాకే 'ఎ' గ్రేడు ఇచ్చింది. అంటే విమర్శకులు మెచ్చుకున్నారు, ప్రేక్షకులు తిరస్కరించారు, ప్రేక్షకులే మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత నెలల తరబడి సాగిన వాదన రెండు ముక్కల్లో చెప్పొచ్చు. విమర్శకులకు జనం నాడి తెలియదని ఒక వర్గం, ఆ 42 శాతం అంతా కడుపుమంటతో వేసిన దొంగ ఓట్లని మరో వర్గం. రెండు వర్గాలూ ఒకే చోట పొరబడ్డాయి. ఆ మూడు అంకెలూ ఒకే ప్రశ్నకు వచ్చిన మూడు జవాబులని అనుకున్నాయి. నిజానికి అవి మూడు వేర్వేరు ప్రశ్నలకు, మూడు వేర్వేరు గుంపులు, మూడు వేర్వేరు పద్ధతుల్లో ఇచ్చిన జవాబులు. విమర్శకుల అంకెకీ ప్రేక్షకుల అంకెకీ పొంతన కుదరనప్పుడు ఎవరిది ఒప్పు అని తేల్చబోయే ముందు, ఎవరిని అడిగారు, ఏమని అడిగారు, జవాబుల్ని ఎలా కూడారు అని చూడాలన్నది ఈ వ్యాసం వాదన. అలా చూస్తే చాలా తగాదాలు తగాదాలుగా మిగలవు. మిగిలిన కొన్నిట్లో మాత్రం ఆ తేడాయే సినిమా గురించి అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం అవుతుంది.

ముందుగా కూడిక సంగతి. రాటెన్ టొమాటోస్ విమర్శకుల అంకెను చాలామంది నూటికి వచ్చిన మార్కులుగా చదువుతారు. అది మార్కు కాదు. వచ్చిన సమీక్షల్లో ఎన్ని సినిమాకి అనుకూలంగా ఉన్నాయో చెప్పే శాతం మాత్రమే. బడి ఉత్తీర్ణత శాతం చూసి పిల్లలకి సగటున ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పలేం కదా, ఇదీ అంతే. ఒక లెక్క వేసి చూద్దాం. మొదటి సినిమాని పదిమంది సమీక్షకులు చూసి, పర్వాలేదు, చూడొచ్చు అంటూ అందరూ ఐదుకి మూడు ఇచ్చారనుకోండి. పదికి పది అనుకూలం, కాబట్టి 100 శాతం. రెండో సినిమాకి ఆరుగురు ఐదుకి ఐదు, నలుగురు ఐదుకి రెండు ఇచ్చారు. అనుకూలం 60 శాతమే. ఆ సైటులో సినిమా 'ఫ్రెష్' అనిపించుకోవడానికి గీసిన గీత 60 దగ్గరే ఉంది, కాబట్టి ఇది అంచున గట్టెక్కింది. కానీ సగటు తీస్తే మొదటి దానికి 3, రెండో దానికి 3.8. ఎవరికీ పెద్దగా నచ్చకుండా ఎవరినీ నొప్పించని సినిమాకి నూరు, ఆరుగురిని ఉర్రూతలూగించిన సినిమాకి అరవై. ఈ పద్ధతి తప్పని కాదు. టికెట్టు డబ్బులు దండగ అవుతాయా అని భయపడే వాడికి మొదటి అంకె పనికొస్తుంది. గొప్ప సినిమా వెతుక్కునే వాడికి అది దారి చూపదు. అలాంటివాళ్లు మెటాక్రిటిక్ లాంటి చోట సమీక్షకుల మార్కుల సగటు చూడాలి. అక్కడ 'లాస్ట్ జెడై'కి నూటికి 84 దాకా వచ్చింది.

ప్రేక్షకుల వైపు అంకె కూడా ఇలాంటి శాతమే. చూసినవాళ్లు ఐదు చుక్కల్లో మూడున్నర, ఆపైన ఇస్తేనే నచ్చినట్టు లెక్క. మూడు ఇచ్చినవాడు నచ్చని వాళ్లలోకి పోతాడు. ఇక్కడా ఒక చిన్న లెక్క చాలు. పదిమంది ప్రేక్షకుల్లో ఇద్దరు ఐదు, ఇద్దరు నాలుగు, ఆరుగురు మూడు ఇచ్చారు. శాతం 40. అదే ఓట్లకి సగటు తీసి పదికి మారిస్తే 7.2. ఏ ఒక్కరూ సినిమా బాగాలేదు అనలేదు, అయినా 40 శాతం అన్న అంకె చూసినవాడికి జనం ఉమ్మేశారనిపిస్తుంది. ఇది ఊహ కోసం వేసిన లెక్కే గానీ, గాలిలోంచి తీసింది కాదు. 'లాస్ట్ జెడై'కి సగటు పద్ధతిలో నడిచే ఐఎండీబీలో పదికి ఏడుకన్నా కొద్దిగా తక్కువ మార్కు ఉంది. 42 శాతం, ఏడుకి కాస్త దిగువ, రెండూ ఇంటర్నెట్లో మామూలు ప్రేక్షకులు వేసిన ఓట్లే. ఆ సినిమాని తిట్టేవాళ్లు మొదటి అంకెను, మెచ్చేవాళ్లు రెండో అంకెను చూపించి వాదించుకున్నారు. ఓటర్లు వేరు కావడం వల్ల కొంత తేడా వస్తుంది, కూడిక వేరు కావడం వల్ల ఇంకొంత వస్తుంది. ఈ రెండో భాగాన్ని తీసేయకుండా ప్రేక్షకుల అభిప్రాయం గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆ మాట తొలి అడుగులోనే తప్పుదారి పడుతుంది.

ఇక ఎవరిని అడిగారన్న సంగతి. సినిమాస్కోర్‌ని ఎడ్ మింట్జ్ అనే ఆయన 1970ల చివర్లో అమెరికాలో మొదలుపెట్టారు. విడుదల రోజు రాత్రి ఎంచుకున్న కొన్ని థియేటర్ల దగ్గర సినిమా చూసి బయటికి వచ్చేవాళ్లకి చిన్న కార్డులిచ్చి గ్రేడు వేయమంటారు. ఇందులో మంచి ఏమిటంటే, ఓటు వేసేవాడు సినిమా చూశాడన్నది ఖాయం. పైగా ఓటు వేయాలన్న కసి ఉన్నవాడే వెతుక్కుంటూ రాడు, ఎదురుపడిన వాడిని వీళ్లే అడుగుతారు. లోటూ ఉంది. మొదటి రోజు రాత్రే టికెట్టు కొన్నవాడు ఆ సినిమా నచ్చుతుందని ముందే నమ్మినవాడు. అందుకే ఆ గ్రేడులు సహజంగానే ఎత్తులో ఉంటాయి. అక్కడ 'సి' వచ్చిందంటే పర్వాలేదని అర్థం కాదు, పెద్ద దెబ్బే. ఇంటర్నెట్ ఓటు దీనికి పూర్తిగా ఎదురు దిక్కు. ఆ రోజుల్లో రాటెన్ టొమాటోస్‌లో ప్రేక్షకుడిగా ఓటు వేయడానికి ఒక ఖాతా తెరిస్తే చాలు, టికెట్టు కొన్నట్టు రుజువు చూపక్కర్లేదు. అలాంటి చోటికి సినిమా చూసి పర్వాలేదనుకుని ఇంటికి పోయిన కుటుంబం రాదు. బాగా నచ్చినవాడు, బాగా మండినవాడు వస్తారు. 'లాస్ట్ జెడై'లో ల్యూక్ స్కైవాకర్ పాత్ర నడిచిన తీరు చిన్నప్పటి నుంచి ఆ కథలతో పెరిగినవాళ్లలో కొందరిని నిజంగానే బాధపెట్టింది. ఆ బాధ ఉన్నవాడికి ఓటు వేయడానికి బలమైన కారణం ఉంది. సంతృప్తి చెందినవాడికి అంత కారణం లేదు. కాబట్టి 'ఎ' గ్రేడూ 42 శాతమూ రెండూ నిజాలే కావచ్చు. థియేటర్ నుంచి బయటికొచ్చిన సగటు మనిషికి సినిమా నచ్చింది, ఆ సినిమా గురించి వాదించడానికి తర్వాత కూడా ఓపిక ఉన్నవాళ్లలో ఎక్కువమందికి నచ్చలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇంత విడమరిచి చెప్పడం ఎందుకు, ఆ తక్కువ ఓట్లన్నీ కుట్రే కదా అని. దీనికి కొంత ఆధారం ఉంది, అది ఎంతవరకో కూడా తెలుసు. మోర్టెన్ బే అనే పరిశోధకుడు 2018లో ఆ సినిమా దర్శకుడు రియాన్ జాన్సన్‌ని ఉద్దేశించి ట్విటర్లో వచ్చిన మాటల్ని పరిశీలించాడు. మొత్తం 967 ఖాతాల నుంచి వచ్చినవి. వాటిలో సినిమాని తప్పుపట్టినవి సుమారు 22 శాతం. ఆ తప్పుపట్టిన వాళ్లలో సగం మంది దాకా రాజకీయ ఉద్దేశంతో రాసినవాళ్లో, కయ్యానికి దిగినవాళ్లో, అసలు మనుషులే కానివాళ్లో అని ఆయన తేల్చాడు. పత్రికల్లో ఈ సగం అన్న మాటే శీర్షికలకెక్కింది. అదే అధ్యయనంలో ఇంకో సగం ఉంది. తప్పుపట్టిన వాళ్లలో దాదాపు సగం మంది మామూలు అభిమానులు, తమకి నచ్చనిది నచ్చలేదని చెప్పినవాళ్లు. కుట్ర అన్న ఒక్క మాటతో వాళ్లని కూడా తుడిచేయడం అన్యాయం. ఒకే సినిమా మీద, ఒక దర్శకుడికి వచ్చిన ట్వీట్ల మీద చేసిన పరిశీలన కనుక దీన్ని రేటింగ్ సైట్లన్నిటికీ వర్తింపజేయలేం. అయినా ఆన్‌లైన్ కోపంలో అసలూ నకిలీ కలిసే ఉంటాయని, ఒకటి ఉందని తెలిసినంత మాత్రాన రెండోది లేదని చెప్పలేమని అది చూపిస్తుంది.

అసలునీ నకిలీనీ వేరు చేయడానికి పాఠకుడి చేతిలో ఉన్న మంచి పనిముట్టు ఓట్ల పంపకం, అంటే ఒక్కో మార్కుకి ఎన్ని ఓట్లు పడ్డాయన్న పట్టీ. ఐఎండీబీలో మార్కు మీద నొక్కితే అది కనిపిస్తుంది. మామూలుగా ఓ సినిమాకి ఓట్లు మధ్యలో గుట్టలా పోగుపడతాయి, ఆరు, ఏడు, ఎనిమిది దగ్గర ఎక్కువగా, అటూ ఇటూ తక్కువగా. చాలామందికి నచ్చి కొందరికి అసలు నచ్చని సినిమాకి రెండు గుట్టలు ఉండొచ్చు. కానీ మధ్యలో ఖాళీగా ఉండి, ఒకటి దగ్గర ఒక్కటే గోడలా నిలబడితే అది సినిమా మీద తీర్పు కాదు, వేరే దేని మీదో తీర్పు. దీనికి మన దేశపు ఉదాహరణే ఉంది. 2014 ఫిబ్రవరి 14న వచ్చిన యశ్‌రాజ్ వారి హిందీ సినిమా 'గుండే' 1971 యుద్ధం ప్రస్తావనతో మొదలవుతుంది. బంగ్లాదేశ్ పుట్టుకని భారత్-పాకిస్తాన్ యుద్ధ ఫలితంగా చెప్పి, తమ విముక్తి పోరాటాన్ని పక్కన పెట్టేశారని ఆ దేశంలో చాలామందికి మనసు నొచ్చింది. సామాజిక మాధ్యమాల్లో పిలుపు వెళ్లింది, ఐఎండీబీలో ఓట్లు వెల్లువెత్తాయి. ఆ సంవత్సరం ఫైవ్ థర్టీ ఎయిట్ అనే అమెరికా వార్తా సైటు ఆ సంగతి రాసే నాటికి ఓట్లు 44 వేలు దాటాయి, వాటిలో 91 శాతం ఒక్క చుక్క ఓట్లే, సగటు 1.4. ఐఎండీబీ చరిత్రలోనే అతి చెత్త సినిమా స్థానంలో 'గుండే' నిలిచింది. భారతదేశంలో వచ్చిన సమీక్షలు చూస్తే అది కొందరికి నచ్చిన, కొందరికి నచ్చని మామూలు వ్యాపార సినిమా. నొచ్చుకున్నవాళ్ల కోపంలో న్యాయం ఉంది, నిర్మాణ సంస్థ క్షమాపణ కూడా చెప్పింది. అయితే ఈ శుక్రవారం ఆ సినిమా చూడాలా వద్దా అనుకునేవాడికి ఆ 1.4 ఏమీ చెప్పదు.

రెండో పనిముట్టు తేదీ. 2016లో ఆడవాళ్లు ప్రధాన పాత్రలుగా కొత్తగా తీసిన 'గోస్ట్‌బస్టర్స్'కి జనం చూడకముందే ఐఎండీబీలో వేల ఓట్లు పడ్డాయి. మగవాళ్ల సగటుకీ ఆడవాళ్ల సగటుకీ మధ్య నాలుగు మార్కుల తేడా ఉంది. చూడని సినిమా మీద వేసిన ఓటు అభిప్రాయం కాదు, ముందే తీసుకున్న పక్షం. ఇలాంటివి పెరిగాకే రాటెన్ టొమాటోస్ 2019 ఫిబ్రవరిలో విడుదలకి ముందు చూపించే 'చూడాలనుంది' శాతాన్ని తీసేసింది. అప్పుడు 'కెప్టెన్ మార్వెల్' మీద అలాంటి దాడే నడుస్తోంది. అదే సంవత్సరం మే నెలలో, టికెట్టు కొన్నట్టు రుజువైన వాళ్ల ఓట్లనే ముందు పెట్టే పద్ధతి తెచ్చింది. ఐఎండీబీ కూడా ఓట్ల తీరు అసాధారణంగా కనిపిస్తే పేజీలోనే ఆ మాట రాసి, లెక్క కట్టే పద్ధతి మార్చినట్టు చెబుతుంది. 2023లో 'ద లిటిల్ మెర్మెయిడ్'కి అలా రాసింది. ఆ మాట కనిపించిన చోట సగటుని పక్కన పెట్టేయడమే మంచిది.

టికెట్టు రుజువుతో సమస్య తీరిందా అంటే, ఒక సమస్య తీరి ఇంకొకటి వచ్చింది. 'లాస్ట్ జెడై' తర్వాతి భాగం 'ద రైజ్ ఆఫ్ స్కైవాకర్' 2019 డిసెంబరులో వచ్చింది. విమర్శకుల వైపు 51 శాతం దగ్గర, ప్రేక్షకుల వైపు 86. ముందు భాగానికి 91, 42. పక్కపక్కన పెట్టి చూస్తే విమర్శకులకి నచ్చింది జనానికి నచ్చదు, జనానికి నచ్చింది విమర్శకులకి నచ్చదు అని చక్కటి కథ తయారవుతుంది, అలా రాసినవాళ్లూ ఉన్నారు. కానీ మధ్యలో కొలత మారిపోయింది. 42 అన్నది ఎవరైనా వేయగల ఓటు, 86 అన్నది టికెట్టు కొన్నవాళ్ల ఓటు. రెండు సినిమాలకీ మారని ప్రేక్షకుల కొలత కావాలంటే సినిమాస్కోర్ చూడాలి. అది మొదటి దానికి 'ఎ', రెండో దానికి 'బి ప్లస్' ఇచ్చింది. అంటే ఒకే పద్ధతిలో అడిగినప్పుడు మామూలు ప్రేక్షకులు కూడా విమర్శకులు మెచ్చిన సినిమానే ఎక్కువ మెచ్చారు. ప్రపంచవ్యాప్త వసూళ్లు కూడా మొదటి దానికి 133 కోట్ల డాలర్లు, రెండో దానికి 107 కోట్లు. 42 నుంచి 86కి పెరిగిన దాంట్లో ఎంత సినిమా వల్ల, ఎంత కొలత వల్ల అన్నది ఇప్పుడు విడదీయలేం. ఒకే సైటు, ఒకే పేరుతో, ఒకే చోట చూపించే అంకె కూడా రెండేళ్లలో వేరే అంకె అయిపోవచ్చు. పాత సినిమాల మార్కుల్ని కొత్త సినిమాల మార్కులతో పోల్చేవాళ్లు దీన్ని తరచూ మరిచిపోతారు.

టికెట్టు అమ్మేవాళ్లే మార్కులు కూడా చూపించే చోట ఇంకో జాగ్రత్త అవసరం. 2015లో ఫైవ్ థర్టీ ఎయిట్ తరఫున వాల్ట్ హికీ అమెరికా టికెట్ల సైటు ఫాండాంగోని పరిశీలించాడు. కనీసం ఒక్క ఓటైనా పడిన 437 సినిమాల్లో నూటికి 98 సినిమాలకి మూడు చుక్కలు, ఆపైనే కనిపించాయి. అసలు సగటు 4.1 అయితే తెర మీద నాలుగున్నర చుక్కలు చూపించేది. దగ్గరి అంకెకి కాకుండా ఎప్పుడూ పైకే సవరించేది. అది సాఫ్ట్‌వేర్ లోపమని, సరిచేస్తామని ఆ సంస్థ చెప్పింది. మరుసటి ఏడాది రాటెన్ టొమాటోస్‌ని కొన్నది కూడా ఫాండాంగోయే. ఇక్కడ ఎవరి ఉద్దేశాన్నీ శంకించనక్కర్లేదు. టికెట్టు అమ్ముడుపోవాలన్న అవసరం ఉన్నచోట అంకె కిందికి జారే తప్పుని త్వరగా పట్టుకుంటారు, పైకి జారే తప్పు ఎక్కువకాలం దాగి ఉంటుంది. టికెట్టు కొన్నవాళ్ల మార్కుల్లో ఎనభై, తొంభై సర్వసాధారణం కాబట్టి అక్కడ 75 కనిపిస్తే దాన్ని మంచి మార్కుగా కాక హెచ్చరికగా చదవాలి.

ఇంతవరకూ ప్రేక్షకుల వైపు లోపాలే చెప్పినట్టుంది. విమర్శకుల వైపు కూడా చీకటి మూలలు ఉన్నాయి. 2023లో అమెరికా పత్రిక వల్చర్, బంకర్ 15 అనే ప్రచార సంస్థ పెద్దగా పేరులేని సమీక్షకులకి డబ్బిచ్చి చిన్న సినిమాలకి అనుకూల సమీక్షలు రాయించుకుందని బయటపెట్టింది. ఇరవై, ముప్పై సమీక్షలే ఉన్న సినిమాకి నాలుగైదు కొన్న సమీక్షలు కలిస్తే 60 గీత అవతల ఉన్నది ఇవతలకి వస్తుంది. నాలుగైదు వందల సమీక్షలున్న పెద్ద సినిమాకి అదే పని చేసినా అంకె పెద్దగా కదలదు. కాబట్టి విమర్శకుల శాతాన్ని దాని కింద ఉన్న సమీక్షల సంఖ్యతో కలిపే చదవాలి. 'విమర్శకులంతా అమ్ముడుపోయారు' అన్న ఆరోపణకి జవాబు కూడా ఇక్కడే ఉంది. కొన్ని చిన్న సినిమాల విషయంలో అది నిజమని తేలింది, 'లాస్ట్ జెడై' లాంటి వాటి విషయంలో ఆ లెక్క కుదరదు.

నకిలీ ఓట్లూ కొన్న సమీక్షలూ అన్నీ తీసేసినా విమర్శకులకీ ప్రేక్షకులకీ మధ్య తేడా మిగులుతుంది. ఆ మిగిలిన తేడా గురించే నిజంగా ఆలోచించాలి. విమర్శకుడు ఆ వారం ఏది వస్తే అది చూస్తాడు. అది అతని పని. ప్రేక్షకుడు పోస్టరు చూసి, ట్రైలర్ చూసి, హీరోని చూసి, తనకి నచ్చుతుందనుకున్నదే ఎంచుకుంటాడు. అందువల్ల ఒక పద్ధతిలో నడిచే వినోదపు సినిమాకి ప్రేక్షకుల మార్కు ఎక్కువగా, విమర్శకుల మార్కు తక్కువగా రావడం మామూలే. 2018లో వచ్చిన 'వెనమ్'కి విమర్శకుల వైపు 30 శాతం దగ్గర, ప్రేక్షకుల వైపు 80 దరిదాపు. ఏటా అలాంటి సినిమాలు డజన్ల కొద్దీ చూసేవాడికి విసుగు పుట్టించిన కథే, ఆ కథ కోసమే వెళ్లినవాడికి సరిపోయింది. ఆ తరహా సినిమాలు ఇష్టపడే పాఠకుడు 30ని చూసి ఆగనక్కర్లేదు, ఇష్టపడనివాడు 80ని చూసి వెళ్లనక్కర్లేదు. 80 శాతం అన్నది ఆ సినిమాని ఎంచుకున్నవాళ్లలో 80 శాతం, మీలాంటివాళ్లలో 80 శాతం కాదు.

తేడా అటువైపు తిరిగితే, అంటే విమర్శకులు మెచ్చి ప్రేక్షకులు తిరగబడితే, అందులో ఇంకా ఎక్కువ సమాచారం ఉంటుంది. 2017లో డారెన్ అరొనోఫ్స్కీ తీసిన 'మదర్!'కి విమర్శకుల వైపు మూడింట రెండొంతుల దాకా మద్దతు దొరికింది, సినిమాస్కోర్ మాత్రం 'ఎఫ్' ఇచ్చింది. మరుసటి ఏడాది ఆరి ఆస్టర్ 'హెరిడిటరీ'కి విమర్శకులు 90 శాతం దాకా జేజేలు పలికారు, సినిమాస్కోర్ 'డి ప్లస్'. ఈ రెండింటిలోనూ ప్రచారం ఒక సినిమాని చూపించింది, తెర మీద ఇంకో సినిమా ఉంది. భయపెట్టి వదిలేసే సినిమా అనుకుని స్నేహితులతో సరదాగా వెళ్లినవాళ్లకి 'హెరిడిటరీ'లో ఇంటిల్లిపాదీ దుఃఖంలో కూరుకుపోయే కథ ఎదురైంది. థియేటర్ గుమ్మం దగ్గర ఇచ్చే గ్రేడు కొలిచేది ప్రధానంగా మోసపోయామన్న ఆ భావాన్నే. ఆశించింది దక్కిందా లేదా అన్నది అక్కడి ప్రశ్న, సినిమా మంచిదా అన్నది కాదు. విమర్శకుడు ఏమీ ఆశించకుండా, లేదా దర్శకుడి పాత సినిమాలు గుర్తుంచుకుని చూస్తాడు. కాబట్టి 90, 'డి ప్లస్' అన్న జంటని తెలివిగా చదివిన పాఠకుడికి ఒక కచ్చితమైన సంగతి తెలుస్తుంది: ఇది బాగా తీసిన సినిమా, ట్రైలర్లో కనిపించిన సినిమా కాదు, కాలక్షేపానికి వెళ్లదగింది అసలే కాదు. ఈ మూడు ముక్కలు ఏ ఒక్క అంకె ఒంటరిగా చెప్పలేదు. రెండూ కొట్టుకోవడం వల్లే తెలిశాయి. ఆ రెండిటి సగటు తీసి, నూటికి యాభై ఐదో అరవయ్యో అని సరిపెట్టుకునేవాడు ఆ సమాచారాన్ని చేజేతులా పారేసుకున్నట్టే.

వసూళ్లే అసలు తీర్పు, మిగతాదంతా కబుర్లు అనేవాళ్ల వాదన కూడా ఇక్కడ చూడాలి. మొదటి వారాంతం టికెట్టు సినిమా చూడకముందు కొన్నది. అది నమ్మకానికి కొలత, తృప్తికి కాదు. తృప్తి గురించి రెండో వారాంతం కొంత చెబుతుంది, అదీ జాగ్రత్తగా చదివితేనే. 'లాస్ట్ జెడై' అమెరికాలో మొదటి వారాంతం 22 కోట్ల డాలర్లు తెచ్చి, రెండో వారాంతం మూడింట రెండొంతులకి పైగా పడిపోయింది. జనం తిరస్కరించారనడానికి దీన్ని చాలామంది రుజువుగా చూపారు. ఆ ఏడు రెండో వారాంతం ఆదివారం క్రిస్మస్ ముందు రోజు, డిసెంబరు 24. అమెరికాలో ఆ సాయంత్రం థియేటర్లు బోసిపోతాయి. సెలవులు మొదలయ్యాక వసూళ్లు మళ్లీ పుంజుకున్నాయి. పడిపోవడంలో కొంత నోటిమాట వల్ల, కొంత పండగ వల్ల. వసూళ్ల అంకె కూడా మిగతా అంకెల్లాగే తన చుట్టూ ఉన్న పరిస్థితితో కలిపి చూస్తేనే అర్థమవుతుంది.

తెలుగు ప్రేక్షకుడికి ఇవన్నీ ఇంకాస్త ముడిపడి ఎదురవుతాయి. మన వెబ్‌సైట్లు ఐదుకి మార్కులిస్తాయి, పావు పావు చొప్పున. కానీ ఆ ఐదులో వాడుకలో ఉన్నది చాలా ఇరుకైన జాగా. పెద్ద సినిమాల మార్కులు ఎక్కువగా రెండుకీ మూడున్నరకీ మధ్యే తిరుగుతాయి. అందువల్ల 2.5కీ 3కీ మధ్య అర మార్కు చూడటానికి చిన్నదే అయినా, ఒక్కసారి చూడొచ్చు అన్నదానికీ తప్పక చూడాలి అన్నదానికీ మధ్య దూరం దాదాపు అంతా అందులోనే ఉంది. ఒక సైటు 2.75ని మరో సైటు 3తో పోల్చడం కూడా కుదరదు, ఒక్కో సమీక్షకుడి చెయ్యి ఒక్కో రకం. ఒకే సమీక్షకుడు గత ఆరు నెలల్లో ఏ సినిమాలకి ఎంత ఇచ్చాడో, వాటిలో మీరు చూసినవి ఎలా అనిపించాయో గుర్తు తెచ్చుకుంటే ఆ 2.75కి మీ వరకు ఓ అర్థం ఏర్పడుతుంది. ఇక అమెరికా ప్రీమియర్ల నుంచి వచ్చే తొలి టాక్, ఇక్కడ ఫస్ట్ డే ఫస్ట్ షో దగ్గర మైకు ముందు వినిపించే పబ్లిక్ టాక్, రెండూ ఎంచుకుని వచ్చిన వాళ్ల మాటలే. అభిమానులు ఉన్నచోట అవతలి హీరో అభిమానులు కూడా ఉంటారు. కాబట్టి టికెట్ల యాప్‌లో మొదటి రోజు మార్కుకి రెండు వైపుల నుంచీ ఒత్తిడి ఉంటుంది, కొన్నిసార్లు ఆ రెండూ ఒకదాన్నొకటి చెరిపేసి చూడటానికి మామూలుగా కనిపించే అంకెని మిగులుస్తాయి. ఓట్ల పంపకం చూపించని చోట ఆ సంగతి బయటివాడికి తెలిసే మార్గం లేదు.

అందుకే పక్క రాష్ట్రాల్లో వచ్చిన డిమాండు గురించి ఒక మాట చెప్పాలి. విడుదలైన తొలి రోజుల్లో సమీక్షల్ని ఆపాలని తమిళ నిర్మాతలు 2024లో మద్రాసు హైకోర్టుని కోరారు. కోర్టు అందుకు ఒప్పుకోలేదు. కేరళ హైకోర్టు ముందు కూడా ఇలాంటి వివాదమే వచ్చింది, 48 గంటలు ఆగాలన్న సూచన అక్కడ వినిపించింది. కోట్లు పెట్టి తీసిన సినిమాని మొదటి ఆట ముగియకముందే చంపేస్తున్నారన్న నిర్మాతల బాధ అర్థం చేసుకోదగిందే. కానీ నోరు మూయించడం వల్ల నకిలీ మాటతోపాటు నిజాయితీగా రాసే సమీక్షకుడి మాటా ఆగుతుంది, టికెట్టు కొనేవాడికి మిగిలేది ప్రచారం ఒక్కటే. దానికన్నా తేలికైనదీ, న్యాయమైనదీ ఇంకోటి ఉంది. మార్కులు చూపించే ప్రతి సైటూ, ప్రతి టికెట్ల యాపూ సగటుతోపాటు ఎన్ని ఓట్లు పడ్డాయో, ఒక్కో మార్కుకి ఎన్ని పడ్డాయో, వాటిలో టికెట్టు కొన్నవాళ్లవి ఎన్నో, విడుదలకి ముందు పడినవి ఎన్నో చూపించాలి. ఈ లెక్కలు వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటాయి. వాటిని జనం ముందు పెట్టమని నిర్మాతలూ అడగాలి, సమీక్షకులూ అడగాలి, రెండు వందలో మూడు వందలో పెట్టి టికెట్టు కొనేవాళ్లు అందరికన్నా ముందు అడగాలి.